చేతులు, పాదాలు, నోటి వ్యాధి: చూడాల్సింది నోటి పుండ్లను

చేతులు, పాదాలు, నోటి వ్యాధి ఐదేళ్లలోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే వైరస్ జబ్బు. వైద్యులు దీన్ని హెచ్‌ఎఫ్‌ఎండి అంటారు. పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్‌ల కుటుంబానికి చెందిన కాక్సాకీ ఎ16, కాక్సాకీ ఎ6, ఎంటెరోవైరస్ 71 వంటివి దీనికి కారణం. 2022 మేలో కేరళలోని కొల్లం జిల్లాలో చిన్నపిల్లలకు ఎర్రటి పొక్కులు వచ్చినప్పుడు 'టమాటా ఫ్లూ' అన్న పేరుతో వార్తలు గుప్పుమన్నాయి. తర్వాత కేరళ వెళ్లి బ్రిటన్‌కు తిరిగొచ్చిన ఇద్దరు పిల్లల నమూనాలను పరీక్షిస్తే తేలింది కాక్సాకీ ఎ16. అంటే కొత్త జబ్బేమీ కాదు, ఇదే. పశువులకు వచ్చే గాలికుంటుకూ దీనికీ సంబంధం లేదు. ఆ వైరస్ వేరు, ఇది వేరు. పశువుల నుంచి పిల్లలకు ఇది రాదు.

వైరస్ ఒంట్లో చేరిన మూడు నుంచి ఆరు రోజులకు లక్షణాలు బయటపడతాయి. పన్నెండు కిలోల బరువున్న రెండేళ్ల బిడ్డకు సోకిందనుకుంటే జబ్బు సాధారణంగా ఇలా నడుస్తుంది. మొదటిరోజు ఒళ్లు వెచ్చబడుతుంది, బిడ్డ చిరాగ్గా ఉంటుంది, అన్నం వద్దంటుంది. అప్పటికి ఏ డాక్టరూ జబ్బు ఇదేనని చెప్పలేరు. మామూలు జలుబు జ్వరంలాగే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నోట్లో ఎర్రటి మచ్చలు వస్తాయి. ఆ వెంటనే, ఒక్కోసారి వాటితో పాటే, అరచేతుల్లో, అరికాళ్లలో, పిర్రల మీద పొక్కులు కనిపిస్తాయి. జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నోటి బాధ సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా తీవ్రంగా ఉండి తర్వాత సర్దుకుంటుంది. ఏడు నుంచి పది రోజుల్లో బిడ్డ కోలుకుంటుంది.

ఇంట్లో వాళ్లను భయపెట్టేది చర్మం మీది పొక్కులు. బిడ్డను నిజంగా బాధపెట్టేది మాత్రం నోరు. నాలుక మీద, బుగ్గల లోపలి వైపు, చిగుళ్ల మీద, అంగిట్లో వచ్చిన మచ్చలు చిన్న బొబ్బలై, త్వరలోనే చితికి పుండ్లవుతాయి. మధ్యలో పసుపు ఛాయ, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తాయి. ఉమ్మి మింగినా మంటే. అందుకే చొంగ కారుతుంది. ఆకలేసి పాలసీసా అందుకుని, ఒక్క గుక్క తాగగానే ఏడ్చి తోసేస్తుంది. ఇది మొండితనం కాదు, నొప్పి. ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చే పిల్లల్లో చాలామందికి కారణం నీళ్లు తాగకపోవడం వల్ల ఒంట్లో నీరు తగ్గిపోవడమే.

కాబట్టి చికిత్సంతా దాదాపు నొప్పి తగ్గించి తాగించడమే. వైరస్‌ను చంపే మందు దీనికి లేదు. యాంటీబయాటిక్స్ పనిచేయవు. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పన్నెండు కిలోల బిడ్డకు ఒక్కో మోతాదు 120 నుంచి 180 మిల్లీగ్రాములన్నమాట. ఆరు గంటల ఎడంతో రోజుకు నాలుగు మోతాదులు మించకూడదు. పొరపాటు జరిగేది సీసా దగ్గర. మార్కెట్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల సిరప్ ఉంది, 250 మిల్లీగ్రాములదీ ఉంది. మొదటి దాంట్లో 5 మిల్లీలీటర్లు పోస్తే 120 మిల్లీగ్రాములే, రెండో దాంట్లో అదే కొలత పోస్తే రెట్టింపు దాటిపోతుంది. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదివి, ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి రాసుకోవడం మంచిది. మందు వేసిన అరగంటకు నొప్పి కాస్త తగ్గుతుంది. తాగించడానికీ తినిపించడానికీ అదే సరైన సమయం. ఆస్పిరిన్ పిల్లలకు అసలు వేయకూడదు. నోటిపూతకు పెద్దలు రాసుకునే తిమ్మిరి జెల్లులు రెండేళ్ల పిల్లలకు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు, వాటిని దూరంగా ఉంచాలి.

తాగించేది చల్లగా ఉంటే నోటికి హాయి. చల్లటి పాలు, ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, చల్లారిన రాగిజావ, పులవని పెరుగులో మెత్తగా కలిపిన అన్నం బాగా దిగుతాయి. చారు, పచ్చడి, నిమ్మ, బత్తాయి రసాలు మంట పెంచుతాయి. గ్లాసుతో తాగనంటే సూదిలేని సిరంజితోనో చెంచాతోనో ఐదు నిమిషాలకోసారి 5 మిల్లీలీటర్లు బుగ్గ లోపలికి వదలాలి. గంటకు 60 మిల్లీలీటర్లు వెళ్తాయి. మెలకువగా ఉన్న పది గంటల్లో అది అర లీటరు దాటుతుంది. బిడ్డ తనంతట తాను తాగే కొద్దిపాటి పాలు, నీళ్లు దీనికి తోడైతే గట్టి రోజులు గడిచిపోతాయి. మూడు రోజులు అన్నం సరిగా తినకపోయినా ఫర్వాలేదు, నీళ్లు మాత్రం ఆగకూడదు. సరిపోతున్నాయో లేదో మూత్రమే చెబుతుంది. ఎనిమిది గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, నోరు ఎండిపోయినా, కళ్లు లోతుకు పోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక పొక్కుల సంగతి. అరచేతుల్లో, అరికాళ్లలో ఇవి బియ్యపుగింజ ఆకారంలో, బూడిదరంగు ఛాయతో, చుట్టూ ఎర్రగా ఉంటాయి. పెద్దగా దురద ఉండదు. ముట్టుకుంటే కొందరికి నొప్పి ఉంటుంది. చితకకుండా వాటంతటవే ఎండిపోతాయి, మచ్చలు మిగలవు. వాటికి పూత మందులు అక్కర్లేదు, వాటిని గిల్లకూడదు. చాలా ఇళ్లలో దీన్ని చూసి ఆటలమ్మ అనుకుంటారు. తేడా చూసి పోల్చుకోవచ్చు. ఆటలమ్మ పొక్కులు వీపు, పొట్ట, ముఖం, తల మీది చర్మం మీద ఎక్కువ, బాగా దురద పెడతాయి, విడతలు విడతలుగా వచ్చి పెచ్చులు కడతాయి. ఇవి చేతులు, కాళ్ల చివర్లలో గుమిగూడుతాయి. అమ్మవారు పోసిందని స్నానం మాన్పించడం, జ్వరానికి మందు వేయకపోవడం ఈ బిడ్డకు నష్టమే. గోరువెచ్చటి నీళ్లతో మామూలుగా స్నానం చేయించవచ్చు.

కాక్సాకీ ఎ6 వల్ల వచ్చినప్పుడు దద్దురు ఇంత పద్ధతిగా ఉండదు. నోటి చుట్టూ, మోకాళ్ల మీద, మోచేతుల మీద, తొడల మీద దట్టంగా వస్తుంది. అంతకుముందే ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఆ చోట్లే ముసురుకుంటుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా చాలావరకు అదీ తగ్గిపోయేదే. జబ్బు తగ్గిన ఒకటి మూడు వారాలకు వేళ్ల చివర చర్మం పొరలుగా ఊడవచ్చు. నెల, రెండు నెలలకు గోరు మొదట్లో అడ్డంగా గీత పడి పాత గోరు కదిలి రాలిపోవచ్చు. అప్పటికి జ్వరం సంగతే ఇంట్లో మరిచిపోయి ఉంటారు కాబట్టి కాల్షియం లోపమనో ఫంగస్ అనో కంగారు పడతారు. నొప్పి ఉండదు, కింద కొత్త గోరు వస్తూనే ఉంటుంది, మందు అక్కర్లేదు.

తీవ్రమైన జబ్బు అరుదు. అయితే ఎంటెరోవైరస్ 71 మెదడునూ గుండెనూ దెబ్బతీయగలదు. 1997లో మలేషియాలోని సరవాక్‌లో, 1998లో తైవాన్‌లో పిల్లల ప్రాణాలు తీసింది అదే. జ్వరం మూడు రోజులు దాటినా, మళ్లీమళ్లీ వాంతులైనా, నిద్రలోకి జారుతూ ఉలిక్కిపడి చేతులు కాళ్లు పదేపదే కుదిపినా, నడక తూలినా, ఊపిరి వేగం పెరిగినా, బిడ్డ మత్తుగా లేవకుండా ఉన్నా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, పిల్లల డాక్టరుకు చూపించాలి. ఎంటెరోవైరస్ 71కు చైనాలో టీకా ఉంది, కానీ అది మిగతా రకాలను ఆపదు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకానికే రక్షణ. ఇంకో రకంతో జబ్బు మళ్లీ రావచ్చు.

ప్లే స్కూల్లో, క్రెష్‌లో, అంగన్‌వాడీలో ఇది ఒకరి నుంచి ఒకరికి పాకడానికి కారణం పిల్లల వయసే. ఆ వయసులో ప్రతి బొమ్మా నోట్లోకి వెళ్తుంది, డైపర్లు మార్చే చేతులే అన్నం తినిపిస్తాయి. వైరస్ ఉమ్మిలో, చీమిడిలో, పొక్కుల నీటిలో, మలంలో ఉంటుంది. మొదటి వారంలో అంటుకునే గుణం ఎక్కువ. గొంతులో ఒకటి నుంచి మూడు వారాలు, మలంలో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. పైగా లక్షణాలు కనిపించకముందే, కొందరిలో అసలు కనిపించకుండానే వ్యాపిస్తుంది. పెద్దలకు కూడా సోకవచ్చు.

ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు. కాబట్టి ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద అంతగా పనిచేయదు. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది, పారే నీటితో కడగడమే దారి. ఆయా ప్రతి డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక, అన్నం పెట్టేముందు చేతులు కడగాలి. ఇంతకన్నా పనికొచ్చే జాగ్రత్త క్రెష్‌లో మరొకటి లేదు. డైపర్ మార్చే బల్లను, నోట్లో పెట్టుకున్న బొమ్మలను ముందు సబ్బునీటితో కడిగి, తర్వాత బ్లీచ్ నీళ్లతో తుడవాలి. ఐదు శాతం గాఢత ఉన్న ద్రవ బ్లీచ్ 20 మిల్లీలీటర్లు లీటరు నీటిలో కలిపితే సరిపోతుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, బాత్‌రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. పది నిమిషాలు ఉంచి, బొమ్మలను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గుడ్డ బొమ్మలను ఆ కొన్నాళ్లు పక్కన పెట్టడం మేలు.

బిడ్డను మళ్లీ ఎప్పుడు పంపాలి? జ్వరం లేకుండా ఒక రోజు గడిచి, చొంగ ఆపలేనంతగా కారకుండా, మామూలుగా తిని ఆడుతుంటే పంపవచ్చు. ఎండుతున్న పొక్కులు ఇంకా కనిపిస్తున్నా అడ్డంకి కాదు. 'పొక్కు ఒక్కటి కూడా లేదు, వైరస్ లేదు అని సర్టిఫికెట్ తెండి' అనే స్కూళ్లున్నాయి. అలాంటి సర్టిఫికెట్ ఏ డాక్టరూ నిజాయితీగా ఇవ్వలేరు, ఎందుకంటే చర్మం శుభ్రపడ్డాక కూడా మలంలో వైరస్ వారాలపాటు ఉంటుంది. ఆ కాగితం అడిగే బదులు డైపర్ మార్చే చోట సబ్బు, కుళాయి ఉండేలా స్కూళ్లు చూసుకోవాలి. బిడ్డకు జబ్బు వచ్చిందని తల్లిదండ్రులు దాచకుండా వెంటనే స్కూలుకు చెప్పాలి.