సగం పనిచేసే మందు

హెరాయిన్‌కు బానిసైన ముప్ఫై ఏళ్ల యువకుడు, ఆఖరిసారి ఇంజెక్షన్ తీసుకున్న నాలుగు గంటలకే వ్యసన విముక్తి కేంద్రానికి వచ్చాడు. అక్కడ అతనికి నాలుక కింద బ్యూప్రినార్ఫిన్ మాత్ర పెట్టారు. గంట తిరక్కుండానే ఒళ్లంతా చెమటలు, ఆపకుండా ఆవులింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టడం మొదలయ్యాయి. కనుపాపలు పెద్దవయ్యాయి. కారణం ఏమిటి? ఎ) మందు మోతాదు మించింది. బి) మందు అలర్జీ కలిగించింది. సి) బ్యూప్రినార్ఫిన్‌కు రిసెప్టర్‌ను ఉత్తేజపరిచే శక్తే లేదు. డి) బ్యూప్రినార్ఫిన్ హెరాయిన్‌ను రిసెప్టర్ల మీద నుంచి తోసేసింది, కానీ దానంత పని చేయలేదు.

ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఫార్మకాలజీ చదివే విద్యార్థులకు ఎదురయ్యే తరహా ప్రశ్న ఇది. తెలివైనవాళ్లు కూడా తరచు ‘సి’ దగ్గర బోల్తా పడతారు. నీట్ పీజీలో ఒప్పుకు నాలుగు మార్కులు వస్తే తప్పుకు ఒకటి పోతుంది కాబట్టి ఊహించి రాయడమూ ప్రమాదమే. పరీక్ష సంగతి అలా ఉంచినా, ఈ ప్రశ్నలో ఉన్న విషయం మామూలు పాఠకులకూ తెలియాల్సిందే.

మన కణాల మీద రిసెప్టర్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. నొప్పిని అణచడం, ఊపిరి వేగాన్ని తగ్గించడం, మత్తు కలిగించడం లాంటి పనుల్ని నల్లమందు జాతి మందులు ప్రధానంగా ‘మ్యూ’ అనే రిసెప్టర్ ద్వారానే చేస్తాయి. ఏ మందు గురించైనా రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. రిసెప్టర్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుంది? పట్టుకున్నాక దానిచేత ఎంత పని చేయిస్తుంది? మొదటిది అఫినిటీ, రెండోది ఎఫికసీ. గట్టిగా పట్టుకునే మందు గట్టిగానే పనిచేస్తుందని మనసు అనుకుంటుంది. తప్పు జవాబులన్నీ అక్కడే పుడతాయి.

ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్‌ను తలుచుకోండి. మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ దాన్ని అయిదు దాకా తిప్పగలవు. ఇవి పూర్తి అగోనిస్టులు. నలోక్సోన్ వచ్చి రెగ్యులేటర్‌ను సున్నా మీద పట్టుకుని, ఇంకెవరినీ తిప్పనివ్వదు. ఇది యాంటగోనిస్ట్. బ్యూప్రినార్ఫిన్ అందరికన్నా గట్టిగా పట్టుకుంటుంది గానీ, ఎంత బలం పెట్టినా రెండు దాటించలేదు. ఇది పార్షియల్ అగోనిస్ట్. ఫ్యాన్ ఆగి ఉన్న గదిలో రెండు మీద పెడితే గాలి వచ్చినట్టే. అయిదు మీద తిరుగుతున్న ఫ్యాన్‌ను రెండుకు దించితే మాత్రం గదిలో ఉన్నవాళ్లకు ఉక్కపోస్తుంది.

ఆ యువకుడికి జరిగింది ఇదే. లెక్కకోసం కొన్ని అంకెలు అనుకుందాం. వంద రిసెప్టర్లలో తొంభై హెరాయిన్ చేతిలో ఉన్నాయి. ఒక్కోటి ఒక వంతు పని చేస్తే మొత్తం ప్రభావం 90. బ్యూప్రినార్ఫిన్ వచ్చి వాటిలో ఎనభైని లాక్కుంది. దాని ఎఫికసీ 0.4 అనుకుంటే, ఆ ఎనభై నుంచి వచ్చేది 32. హెరాయిన్ చేతిలో మిగిలిన పది నుంచి 10. మొత్తం 42. తొంభైకి అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా నలభై రెండుకు పడిపోయింది. మత్తు అందనప్పుడు వచ్చే బాధలన్నీ గంటలోనే ముంచుకొచ్చాయి. అదే మాత్రను ఎన్నడూ నల్లమందు జాతి మందు వాడని మనిషికి ఇస్తే ప్రభావం సున్నా నుంచి 32కు పెరుగుతుంది. అతనికి మగత, వికారం రావచ్చు. మందు ఒక్కటే, రిసెప్టర్ ఒక్కటే. అంతకుముందు అక్కడ ఎవరున్నారన్నదే తేడా.

ఇప్పుడు ఆప్షన్లు చూద్దాం. మోతాదు మించితే కనుపాపలు సూదిమొనలా చిన్నవవుతాయి, ఊపిరి మందగిస్తుంది. ఇక్కడ కనుపాపలు పెద్దవయ్యాయి కాబట్టి ‘ఎ’ పోయింది. అలర్జీ అయితే దద్దుర్లు, వాపు, ఆయాసం గురించి చెప్పేవారు. ఆవులింతలు అలర్జీ లక్షణం కాదు. ‘సి’లో సగం నిజం ఉంది. ఈ రోగిలో మందు యాంటగోనిస్ట్‌లాగే ప్రవర్తించింది. కానీ ఉత్తేజపరిచే శక్తే లేదనడం నలోక్సోన్‌కు సరిపోతుంది, దీనికి కాదు. జవాబు ‘డి’.

అనుమానం ఉంటే నలోక్సోన్‌తో పోల్చి చూడండి. నల్లమందు జాతి మందు ఏదీ వాడని ఆరోగ్యవంతుడికి నలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమవుతుంది? చెప్పుకోదగ్గది ఏమీ కాదు. మార్ఫిన్ మోతాదు మించి ఊపిరి ఆగబోతున్న మనిషికి ఇస్తే నిమిషాల్లో లేచి కూర్చోవచ్చు. సొంతంగా ఏ పనీ చేయకపోవడం, మరొకరి పనిని ఆపేయడం: యాంటగోనిస్ట్‌కు గుర్తు ఇదే. అయితే దాని ప్రభావం చాలాసార్లు మార్ఫిన్ కంటే ముందే తగ్గిపోతుంది. అందుకే లేచిన రోగిని వెంటనే ఇంటికి పంపకూడదు. మళ్లీ మగతలోకి జారిపోవచ్చు.

పరీక్షల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. నొప్పి తగ్గించడంలో 0.3 మిల్లీగ్రాముల బ్యూప్రినార్ఫిన్ ఇంజెక్షన్ సుమారు 10 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానం. అంత తక్కువ మోతాదుకే పనిచేస్తోంది కాబట్టి ఇదే బలమైన అగోనిస్ట్ అనిపిస్తుంది. తక్కువ మోతాదు చాలడం పొటెన్సీ. గరిష్ఠంగా ఎంతవరకు పోగలదన్నది ఎఫికసీ. గ్రాఫ్ ఇస్తే రేఖ ఎంత ఎడమన మొదలైందని కాక, ఎంత ఎత్తున ఆగిందని చూడాలి. మార్ఫిన్ మోతాదు పెంచేకొద్దీ ఊపిరి తగ్గుతూ పోతుంది. బ్యూప్రినార్ఫిన్ విషయంలో అది ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది. వ్యసనం మాన్పించడానికి దీన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణం అదే.

పుస్తకాల్లోని ఈ గీతలు శరీరంలో ఇంత నిక్కచ్చిగా ఉండవని కూడా చెప్పాలి. కొన్ని కణజాలాల్లో రిసెప్టర్లు అవసరానికి మించి ఉంటాయి. అక్కడ పార్షియల్ అగోనిస్ట్ కూడా పూర్తి ఫలితం ఇచ్చినట్టే కనిపించవచ్చు. మామూలు మోతాదుల్లో నొప్పి విషయంలో బ్యూప్రినార్ఫిన్ అలాగే కనిపిస్తుంది. ఇక ఊపిరికి ఉన్న ఆ హద్దు, మద్యమో నిద్రమాత్రలో తోడైతే రక్షణగా నిలవదు. అప్పుడు ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. నలోక్సోన్ ఇద్దామన్నా, రిసెప్టర్‌ను అంత గట్టిగా పట్టుకున్న మందును కదిలించడానికి మామూలు కంటే ఎక్కువ మోతాదు కావలసి వస్తుంది.

అందువల్ల ఈ చికిత్సలో మొదటి మాత్ర వేళే కీలకం. హెరాయిన్ లాంటివి మానేసి సాధారణంగా 12 గంటలైనా గడిచి, ఆవులింతలు, ముక్కు కారడం లాంటి లక్షణాలు కనిపించాకే మొదలుపెడతారు. అప్పటికి రిసెప్టర్లు చాలావరకు ఖాళీ అయి ఉంటాయి కాబట్టి అదే మాత్ర బాధను తగ్గిస్తుంది. మెథడోన్ లాంటి ఎక్కువసేపు ఉండే మందు వాడుతున్నవారైతే ఇంకా ఎక్కువ ఆగాలి. మీ ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సకు వెళ్తుంటే, ఆఖరిసారి ఏ మందు, ఏ గంటకు తీసుకున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పించండి. ఇంట్లో మిగిలిన మాత్రను సొంతంగా మాత్రం వేయకండి.