విడాకులైతే మొగుడి పీఎఫ్‌లో వాటా ఉంటుందా?

సత్యవేడు పక్కన శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి జీతంలోంచి నెలనెలా 12 శాతం పీఎఫ్‌కు పోతుంది. యజమాని వాటాలో కొంత పీఎఫ్‌లోకి, కొంత పింఛను నిధిలోకి చేరుతుంది. ఇల్లు చూసుకునే భార్య పేరిట ఏ ఖాతా ఉండదు. విడాకులైతే ఈ డబ్బును చెరిసగం పంచాలనే నియమం మన చట్టంలో లేదు.

2015లో, 30 ఏళ్లు నిండాక చేరిన ఉద్యోగిని తీసుకుందాం. 58 ఏళ్లకు అతని సర్వీసు 28 ఏళ్లు. ఇరవై దాటినందుకు రెండేళ్లు కలిపి 30గా లెక్కిస్తారు. పింఛను లెక్కకు తీసుకునే జీతం రూ.15,000 అనుకుంటే, దాన్ని 30తో హెచ్చించి 70తో భాగిస్తే పింఛను నెలకు సుమారు రూ.6,430. అతను పోయాక భార్యకు అందులో సగం, దాదాపు రూ.3,215 వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. విడాకులు తీసుకున్న భార్యకు ఏమీ రాదు. కోర్టు విడాకులివ్వకుండా పుట్టింట్లో ఉండిపోయిన భార్య మాత్రం చట్టం లెక్కలో భార్యే. ఊళ్లో పెద్దలు పంచాయితీ చేసి విడదీసినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

విడాకులు తీసుకున్నామెకు మిగిలేది హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం. 2020లో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్ వెయ్యాలంది. భర్త పీఎఫ్ పాస్‌బుక్ నిల్వ అందులోకి రావాలి. దాన్ని చూసే భరణం మొత్తం అడగాలి.

చిక్కంతా రాజీ పత్రం దగ్గరే. ‘రిటైరయ్యాక పీఎఫ్‌లో సగం ఇస్తాను’ అని రాయించుకుంటే ఆ మాట పీఎఫ్ ఆఫీసును కట్టడి చెయ్యదు. ఖాతాలో ఉన్న సొమ్మును బాకీల కోసం జప్తు చెయ్యకుండా చట్టమే కాపాడుతుంది. డబ్బు ఖాతాదారు చేతికి వచ్చాక వెంటబడి వసూలు చేసుకోవాలి, అప్పటికి అది మిగిలి ఉంటే. అందుకే పరస్పర అంగీకార విడాకుల్లో రెండో వాయిదా నాటికే మొత్తాన్ని డీడీగా తీసుకోవడం మేలు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు లెక్క వేరు. అక్కడ 401(k) నిధిని కోర్టు ఉత్తర్వుతో పంచవచ్చు. సోషల్ సెక్యూరిటీని కోర్టు పంచదు, అర్హతను చట్టమే తేలుస్తుంది. హెచ్-4 వీసా మీద వెళ్లి ఒక్క రోజూ ఉద్యోగం చెయ్యని మాజీ భార్యకైనా, పెళ్లి కనీసం పదేళ్లు నిలిచి, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకపోతే భర్త రికార్డు మీద నెలనెలా సొమ్ము వస్తుంది. అతని పూర్తి మొత్తం 3,000 డాలర్లయితే, 1960లోనో ఆ తర్వాతో పుట్టిన ఆమెకు 67 ఏళ్లకు 1,500, తొందరపడి 62కే తీసుకుంటే 975. దీనివల్ల అతనికిగానీ, కొత్త భార్యకుగానీ పైసా తగ్గదు. విడాకులు తొమ్మిదేళ్ల పదకొండు నెలలకే ఖరారైతే మాత్రం ఇదేదీ రాదు.