పిన్ని పెట్టెలో ఐదు రూపాయలు

మా పిన్ని ఇత్తడి మరచెంబులో దాచిన ఐదు పాత రూపాయి బిళ్ళలు తెచ్చి నా ముందు పోసింది. "ఇవన్నీ అసలు వెండివేనట్రా? అమ్మితే మోసపోతానేమో చూడు" అంది. నా దగ్గర ఉన్నవి మూడే వస్తువులు: పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, గోరంత గట్టి అయస్కాంతం, ఒక టార్చి లైటు.

చాలామంది మొదట అయస్కాంతమే పెడతారు. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే వెండి అని తేల్చేస్తారు. ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. పిన్ని బిళ్ళల్లో ఒకటి అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. ఆమె ముఖం వాడిపోయింది. తిప్పి చూస్తే 1947, వెనక పులి బొమ్మ. ఆ ఏడాది రూపాయిని నికెల్‌తో చేశారు, నికెల్‌ని అయస్కాంతం లాగుతుంది. కాబట్టి ఆ బిళ్ళ వెండి కాదు కానీ అసలైనదే, అతుక్కోకపోతేనే అనుమానించాలి. ఇక వెండిని అయస్కాంతం లాగదు, నిజమే. రాగినీ ఇత్తడినీ సీసాన్నీ జర్మన్ సిల్వర్‌నీ కూడా లాగదు. అంచేత అయస్కాంతం లోపల ఇనుము ఉంటే పట్టిస్తుందే తప్ప వెండి అని హామీ ఇవ్వదు. ముందు సంవత్సరం చదవాలి, ఆ తర్వాతే అయస్కాంతం పెట్టాలి.

మిగతా నాలుగూ అతుక్కోలేదు. అసలు పని ఇక్కడ మొదలైంది.

భూతద్దాన్ని పేపరు చదివేటప్పటిలా దూరంగా పట్టుకుంటే ఏమీ కనబడదు. కంటికి దాదాపు ఆనించి పెట్టుకుని, బిళ్ళనే దగ్గరికి తీసుకురావాలి. పది రెట్ల అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో బొమ్మ స్పష్టమవుతుంది. రెండు కళ్ళూ తెరిచే ఉంచితే అలసట ఉండదు.

విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్న బిళ్ళ ముందు చూశాను. టంకశాలలో నాణేన్ని అచ్చుతో గట్టిగా కొడతారు, అందుకే అక్షరాల అంచులు పదునుగా లేస్తాయి. మూసలో పోత పోస్తే లోహం చల్లారేటప్పుడు అక్షరాలు మొద్దుబారతాయి, ఉపరితలం మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. ఈ బిళ్ళ మీద ఆ గుంటలున్నాయి. రాణి చెంప దగ్గర, చేతుల్లో ఎక్కువ అరిగే ఎత్తు భాగంలో, పసుపు రంగు తొంగిచూస్తోంది. పక్క అంచు చూస్తే గీతల మధ్యగా చుట్టూ సన్నని అతుకు నడుస్తోంది. ఇత్తడి మీద వెండి పూత పూసిన పోత బిళ్ళ అది. అరుగుదల ఒక్కటే చూసి దేన్నీ నకిలీ అనకండి. అసలు బిళ్ళ అరిగినా లోపలా పైనా ఒకటే రంగు.

1900 నాటి రూపాయి భూతద్దానికి బాగానే కనిపించింది. అప్పుడు గదిలో దీపం ఆర్పి, టార్చిని బల్లకు దాదాపు ఆనించి, కాంతి పక్క నుంచి పాకేలా వేశాను. పైనుంచి సూటిగా వేస్తే వెండి మెరుపులో అన్నీ కలిసిపోతాయి, పక్క కాంతికి ప్రతి ఎత్తుపల్లానికీ నీడ పడుతుంది. బిళ్ళను మెల్లగా తిప్పుతుంటే రాణి తలపైన అంచు దగ్గర చిన్న ఉబ్బు, దాని మీద ఆకురాయి గీతలు కనిపించాయి. ఎవరో దీనికి కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నారు, తర్వాత తీసేసి అరగదీశారు. వెండి అసలుదే, కానీ నాణేలు సేకరించేవాళ్ళు దీనికి తక్కువ ధరే ఇస్తారు.

మిగిలినవి ఐదో జార్జి బొమ్మతో 1912వి ఒకటి, 1918వి ఒకటి. రాజు వస్త్రం మీద చిన్న ఏనుగు ఉంటుంది. 1911 రూపాయిలో అది పందిలా ఉందని జనం మండిపడితే తిరిగి చెక్కారు, 1912 నుంచి తొండం స్పష్టంగా ఉంటుంది. భూతద్దంలో ఆ తొండం రెంటి మీదా కనిపించింది. 1918 బిళ్ళ మీద మాత్రం టార్చి కాంతికి సన్నని సమాంతర గీతలు మెరిశాయి. పిన్నిని అడిగితే, పండక్కి చింతపండూ బూడిదా వేసి తోమానంది. ఆ గీతలు ఇక పోవు. మీ ఇంట్లో పాత నాణేలుంటే దయచేసి తోమకండి, ఆ నల్లదనం అలాగే ఉండనివ్వండి.

మంచి వెండితోనే అచ్చు కొట్టిన నకిలీని ఈ మూడూ పట్టలేవు. అమ్మే ముందు కంసాలి దగ్గర తూకం కూడా వేయించండి. ఆనాటి వెండి రూపాయి బరువు సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. అరిగితే అంతకు కాస్త తగ్గుతుందే తప్ప ఎక్కువ తూగదు.