కరెంటు పెట్టిన ఆరు వారాలు: నోరు పుండైనప్పుడు మా ఇంట్లో ఏం చేసినం

మా ఆయన షోలాపూర్‌లో ఇరవై ఆరేండ్లు సాంచా నడిపిండు. పగలు పాళీ అయినా రాత్రి పాళీ అయినా ఎడమ బుగ్గలో తంబాకు ఉండాల్సిందే. ఆ బుగ్గలోనే గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసిన తర్వాత డాక్టరు గారు ముప్పై సార్లు రేడియేషన్ పెట్టాలన్నారు. మన బస్తీలో దాన్ని కరెంటు పెట్టడం అంటం. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు. అంటే ఆరు వారాలు.

ఈ ఆరు వారాల్లో నాకు తెలిసివచ్చింది ఒక్కటే. కరెంటు పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. మిషను కింద పడుకున్నది కొద్ది నిమిషాలే. కష్టమంతా ఇంట్లో, పళ్లెం ముందర. ఆ సంగతి ముందే తెలిస్తే మేము కొన్ని తప్పులు చేయకపోదుము. అందుకే రాస్తున్న.

మొదటి వారం ఏమీ కాలేదు. జొన్న రొట్టె, పల్లీల కారం ఎప్పటిలాగే తిన్నడు. "అందరూ ఊరికే భయపెట్టిన్రే" అన్నడు. రెండో వారం చివర బుగ్గ లోపల ఎర్రబడ్డది, టీ తాగితే మండింది. డాక్టరు గారు ఇట్ల చెప్పారు: నోటి లోపలి పలుచని పొర రోజూ తిండి రాపిడికి అరుగుతుంటది, కింద నుంచి కొత్త పొర వస్తుంటది. కరెంటు క్యాన్సర్ కణాలతో పాటు ఈ కొత్త పొరను కూడా పెరగనియ్యదు. పాతది అరిగిపోయేదాకా ఏమీ తెలవదు. అందుకే పుండు రెండో మూడో వారంలో బయటపడుతది, చివరిదాకా పెరుగుతది. రోగం ముదిరిందని కాదు, మందు తప్పు పెట్టిన్రని కూడా కాదు.

నా మొదటి తప్పు పుక్కిలింత దగ్గరే. ఉప్పు నీళ్లు మంచివంటే ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదనుకున్న. గుప్పెడు ఉప్పు వేసి కాగిన నీళ్లు ఇచ్చిన. ఆయన ఒక్కసారి నోట్లో పోసుకొని గోడ పట్టుకున్నడు. మా అత్తమ్మ పటిక తెచ్చి రాయమన్నది, పక్కింటామె లవంగ నూనె ఇచ్చింది. రెండూ మండించినయి తప్ప మాన్పలేదు. నర్సమ్మ విని తల పట్టుకున్నది. "అక్కా, కాలిన చేతి మీద ఉప్పు రాస్తవా? నోరు కూడా అంతే" అని, కొలత నా చేతనే రాయించింది.

ఒక లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చాలి. అందులో ఒక టీ చెంచా తినే సోడా, అర టీ చెంచా ఉప్పు వెయ్యాలి. చెంచా గుట్టగా కాదు, సమంగా. తినే సోడా అంటే ఇడ్లీ పిండిలో వేసేది. బట్టలుతికే సోడా పొరపాటున కూడా ముట్టొద్దు, అది నోటిని కాలుస్తది. కేకులో వేసే బేకింగ్ పౌడర్ కూడా వేరే వస్తువే. సీసా మీద మూత పెట్టుకొని ఆ రోజుకు ఆ రోజే వాడుకోవాలి, మిగిలితే పారబోయాలి.

వేడిగా కాదు, గోరువెచ్చగా. ఒక గుక్క తీసుకొని తలను ఇటూ అటూ వంచుతూ అర నిమిషం ఉంచి ఉమ్మెయ్యాలి, మింగొద్దు. గట్టిగా గడగడలాడించే పని లేదు, మెల్లగా తిప్పితే చాలు. లేచినంక, తిన్న ప్రతిసారీ, పండుకునే ముందు, మధ్యలో రెండు మూడు గంటలకోసారి. ఇది పుండును మాన్పే మందు కాదు. తిండి మెతుకులు, చిక్కటి జిగురు ఉమ్మి నిలవకుండా కడుగుతది, పులుపును తగ్గిస్తది. అంతమాత్రానికే నోరు ఎంతో నయంగా ఉంటది. దుకాణంలో అమ్మే ఘాటు మౌత్‌వాష్‌లలో స్పిరిట్ ఉంటది, అవి వద్దన్నారు. పళ్లు మాత్రం చంటిపిల్లల మెత్తటి బ్రష్‌తో రోజూ తోమినం. నొప్పని మానేస్తే పుండులో చీము చేరుతది.

ఇక తిండి. మూడో వారంలో రొట్టె మానేసిండు, తర్వాత అన్నం. నేను చారు పోసి మెత్తగా పిసికి ఇస్తే "నిప్పు తిన్నట్టున్నదే" అన్నడు. చారులో చింతపండు, మిరియాలు. నాకు తోచనే లేదు. కారం, పులుపు, టమాట, నిమ్మ, గరుకుగా ఉండే రొట్టె, అటుకులు, వేడి వేడి టీ, ఇవన్నీ పక్కన పెట్టినం. జావ, పెసరపప్పు కట్టు, పాలు, అరటిపండు, పులవని పెరుగు, గుడ్డు ఉంచుకున్నం.

అయితే మెత్తగా ఉంటే సరిపోదు, బలం ఉండాలి. గంజి నీళ్లు గిన్నెడు తాగినా కడుపు నిండుతది తప్ప ఒంటికి పట్టదు. ఆహారం సంగతి చెప్పే మేడం నాకు నేర్పింది ఇదే: తినేది కొంచెమే గనుక ఆ కొంచెంలోనే బలం దాచాలి. జొన్నపిండి జావను నీళ్లతో కాక పాలతో కాచి రెండు చెంచాల నెయ్యి వేసేదాన్ని. గ్లాసు పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపేదాన్ని. పెసరపప్పు కట్టులో బాగా ఉడికిన గుడ్డును మిక్సీలో మెత్తగా తిప్పి కలిపేదాన్ని. పల్లీలు వేయించి పొట్టు తీసి వెన్నలాగ నూరి పాలలో కలిపితే తాగిండు, పొడి పొడిగా ఇస్తే దగ్గు వచ్చింది. మూడు పూటల బదులు రెండు గంటలకోసారి చిన్న గిన్నె. నొప్పి మందు తిన్నాక కాదు, తినడానికి అరగంట ముందు. ఈ ఒక్క మార్పుతో ఆయన రెట్టింపు తిన్నడు. నిటారుగా కూర్చొని, గడ్డం కొద్దిగా కిందికి వంచి, చిన్న చిన్న గుక్కలు. నోరు మొద్దుబారే మందు రాసినప్పుడైతే వేడి తెలవదు, బుగ్గ కొరుక్కున్నా తెలవదు. అందుకని నేను ముందు నా మణికట్టు మీద చుక్క వేసి చూసేదాన్ని.

ఇంత చేసినా నాలుగో వారంలో అసలు పరీక్ష వచ్చింది. పదిహేడో కరెంటు అయినంక మంచినీళ్లు కూడా మింగలేకపోయిండు. రాత్రి గోడ వైపు తిరిగి, "రేపటి నుంచి నేను రాను. సచ్చినా మంచిదే" అన్నడు. నేనూ ఏడ్చిన. నాలుగు రోజులు ఆగి, తగ్గినంక పోదాం అనిపించింది. పొద్దున్నే నర్సమ్మకు ఫోన్ చేస్తే, "ఆగొద్దు అక్కా, ఎట్లయినా తీసుకురా" అన్నది.

డాక్టరు గారు టార్చి వేసి చూశారు. పుండ్ల మీద పసుపు తెలుపు పొర ఉన్నది, అది కరెంటు పుండే. కానీ నాలుక మీద, అంగిట్లో పెరుగు తునకల్లాగ తెల్లటి చుక్కలు వేరే ఉన్నయి. అది ఫంగస్ అన్నారు. ఉమ్మి తగ్గిన నోట్లో, నీరసపడ్డ ఒంట్లో తొందరగా వస్తదట. నేను రెండు వారాలు అన్నీ ఒకటే అనుకున్న. ఇంతకు ముందు లేని మంట ఒక్కసారిగా పెరిగినా, తెల్ల చుక్కలు కనబడినా కరెంటే కారణం అనుకొని ఓర్చుకోవద్దు, చూపించాలి. ఫంగస్‌కు మందు ఉన్నది. మాకు ఐదో రోజుకు ఆ మంట సగం తగ్గింది.

ఎందుకు ఆగొద్దో కూడా అప్పుడే అడిగిన. కరెంటు మధ్యలో రోజులు పోతే, మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ సందులో మళ్లీ పెరుగుతయట. పుండుకు ఇచ్చిన విశ్రాంతి రోగానికి కూడా విశ్రాంతే. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మనం ఇంట్లో తేల్చుకునేది కాదు.

ఆ రోజే బరువు చూశారు. మొదట్లో యాభై ఆరు కిలోలు, ఇప్పుడు యాభై ఒకటిన్నర. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వెయ్యాలన్నారు. మా ఆయన మొండికేసిండు. బస్తీలో గొట్టం వేసిన్రంటే ఇక అయిపోయిందన్న మాట ఉన్నది కదా. డాక్టరు గారు నెమ్మదిగా, "ఇది నోటికి కొన్నాళ్లు సెలవు, అంతే. నోరు మానినంక తీసేస్తం" అన్నారు. పందొమ్మిదో కరెంటు రోజు వేసిన్రు. పాలు, పప్పు, గుడ్డు, నూనె కలిపి మిక్సీ పట్టి, వడగట్టి, గ్లాసెడు చొప్పున మెల్లగా పోసేదాన్ని. ముందు, వెనక మంచినీళ్లు పోయకపోతే గొట్టం మూసుకపోతది. పోసినంక అరగంట పైనే కూర్చోబెట్టేదాన్ని. గొట్టం ఉన్నా రోజూ నాలుగైదు గుక్కల నీళ్లు నోటితో మింగించిన. మింగుడు పూర్తిగా మానేస్తే గొంతు ఆ పని మరిచిపోతదని చెప్పారు.

ఒక్క రోజు కూడా తప్పకుండా ముప్పై కరెంట్లు అయినయి. అయిపోయిన రోజు పండగ అనుకున్నం, కానీ ఆ తర్వాతి పది రోజులే అన్నిటికన్నా కష్టం. మిషను ఆగినా లోపలి మంట వెంటనే ఆగదు. ఈ సంగతి ముందే చెప్పి ఉండకపోతే మేము భయపడి సచ్చేవాళ్లం. మూడో వారం నుంచి ఎరుపు తగ్గింది. ఐదో వారానికి పుండ్లు మానినయి. ఆరో వారంలో గొట్టం తీసిన్రు. ఆ పొద్దు మెత్తటి పప్పన్నం, నెయ్యి పెట్టిన. "ఉప్పు తెలుస్తలేదే" అన్నడు. రుచి రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. నోరు ఎండిపోవడం మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ జేబులో చిన్న నీళ్ల సీసా ఉంటది, రొట్టెను పాలల్లో నానబెట్టుకొనే తింటడు. పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోయినా కరెంటు పెట్టించుకున్న సంగతి ముందు చెప్తడు, ఎందుకంటే కరెంటు తాకిన దవడలో పన్ను పీకితే ఎముక తొందరగా మానదు.

మన ఇండ్లల్ల ఎవరికైనా ఈ కరెంటు మొదలైతే, వారానికోసారి ఒకే తక్కెడ మీద బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. బరువు దిగుతుంటే గొట్టం మాట మీరే ముందు అడగండి. నీళ్లు కూడా దిగకపోతే, మూత్రం తగ్గి చిక్కటి రంగులో వస్తే, తాగినప్పుడల్లా దగ్గు వస్తే, ఒళ్లు కాలి జ్వరం నూట ఒకటికి చేరుతుంటే, నోట్లోంచి రక్తం ఆగకుంటే, మరుసటి కరెంటు దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

మా క్యాలెండరు ఇంకా గోడ మీదనే ఉన్నది. పందొమ్మిదో కరెంటు రోజు గడిలో మా ఆయన తానే పెన్సిల్‌తో రాసుకున్నడు: "పోయిన."