నలుపు పోతే చాలదు

గోదావరిఖనిలో పిల్లలకు మురికిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ఓపెన్‌కాస్టుల దుమ్ము, బొగ్గు లారీల వెనక లేచే దుబ్బ కిటికీ చువ్వల మీద, ఆరేసిన యూనిఫారం మీద, స్కూలు బెంచీల మీద వాలుతూనే ఉంటుంది. చేయి వేస్తే వేళ్లకు నల్లగా అంటుతుంది. అందుకే సింగరేణి పట్టణాల్లో పెరిగే పిల్లవాడి లెక్కలో మురికి అంటే నలుపు. నలుపు పోతే చేయి శుభ్రమైనట్టే.

రామగుండం, గోదావరిఖని బడుల్లో చేతుల శుభ్రత గురించి మాట్లాడబోయే ఆరోగ్య కార్యకర్త మొదట తేల్చుకోవాల్సింది ఈ లెక్క సంగతే. గోడకు చార్టు వేలాడదీసి, ఏడు మెట్లూ వరుసగా చదివించి, "రోజూ కడుక్కుంటారా?" అని అడిగితే తరగతంతా ఒక్క గొంతుతో "కడుక్కుంటం మేడం" అంటుంది. వాళ్లు అబద్ధమాడటం లేదు. నలుపు పోయేదాకా నిజంగానే కడుక్కుంటున్నారు. కానీ విరేచనాలు తెచ్చే క్రిమికీ, నులిపురుగు గుడ్డుకూ రంగు లేదు. మన మాటంతా ఆ ఒక్క ఎడం దాటించడానికే.

ఇందుకు నలభై నిమిషాల పీరియడ్ చాలు. అది మధ్యాహ్న భోజనానికి సరిగ్గా ముందు పీరియడ్ అయితేనే ఫలితం. మాట అయిపోగానే చేతులు కడగాలి, కడగగానే కంచం ముందుకు రావాలి. ఉదయం చెప్పి వెళ్లిపోయిన పాఠం మధ్యాహ్నానికి మిగలదు.

మొదటి పది నిమిషాలకు కావాల్సినవి రెండు గాజు గ్లాసులు, నీళ్లు, కాస్త సబ్బు నీళ్లు, బట్టలో జల్లించిన చిటికెడు పొడి బొగ్గు. చాలాచోట్ల నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు ముంచి, పొడి పక్కలకు పరుగెత్తడం చూపించి "చూశారా, క్రిములు సబ్బును చూసి పారిపోతాయి" అంటారు. అది చూడముచ్చటగా ఉంటుంది కానీ తప్పు చెబుతుంది. పొడిని పక్కకు లాగేది నీటి ఉపరితలపు బిగువు. ఆ ఆట చూసిన పిల్లవాడు వేలికొసను సబ్బుకు తాకించి వచ్చేస్తాడు. బొగ్గు ఊళ్లో అంతకన్నా నిజమైన ప్రయోగం చేతిలోనే ఉంది. మెత్తటి పొడి బొగ్గును నీళ్ల మీద మెల్లగా చల్లితే చాలా భాగం మునగకుండా తేలుతుంది. బొగ్గుకు నీళ్లంటే పడదు, నూనెలాగా దూరంగా ఉంటుంది. రెండో గ్లాసు నీళ్లలో ముందే సబ్బు కలిపి అదే పొడి చల్లితే అది తడిసి కిందికి దిగుతుంది. గనుల్లో దుమ్ము అణచడానికి చల్లే నీళ్లలో కొన్నిచోట్ల తడిపే మందు కలిపేది కూడా ఈ కారణంతోనే.

"బాయి నుంచి వచ్చినోళ్లు వట్టి నీళ్లతోని కడుక్కుంటె నలుపు పోతదా?" అని అడగండి. పోదని పిల్లలే చెబుతారు. సబ్బు అణువులో ఒక కొన నూనెను, బొగ్గును పట్టుకుంటుంది, ఇంకో కొన నీటిని పట్టుకుంటుంది, రుద్దితే రెండూ కలిసి జారిపోతాయి. మూడో తరగతి పిల్లలకు ఈ మూడు మాటలు చాలు. ముందు రోజు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి, ఎందుకంటే పొడి గరుకుగా ఉన్నా, చెమ్మగా ఉన్నా మొదటి గ్లాసులోనే మునిగిపోతుంది. పొడిని మీరే పట్టుకోండి, ఫ్యాను ఆపండి. పిల్లల ముక్కుల్లోకి బొగ్గు దుమ్ము ఎక్కించే ప్రయోగం మనకొద్దు.

ఇక అసలు మలుపు. చెంచాడు కొబ్బరినూనెలో చిటికెడు పసుపు కలిపి, ముందుకొచ్చిన ఇద్దరు పిల్లల రెండు చేతులకూ వేళ్ల సందుల దాకా పూయండి. ఒకరిని వట్టి నీళ్లతో, ఇంకొకరిని సబ్బుతో, రోజూ ఎలా కడుగుతారో అలాగే కడగమనండి. తర్వాత తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఇద్దరి బొటనవేళ్లు, గోళ్ల అంచులు, వేళ్ల సందులు తుడవండి. తీర్పు చెప్పాల్సింది రుమాలే, ఎందుకంటే పసుపు మరక చర్మం మీద ఎలాగూ కొంత మిగులుతుంది, దాన్ని చూపి పిల్లవాణ్ని తప్పుపట్టకూడదు. సబ్బుతో కడిగిన పిల్లవాడి బొటనవేలు తుడిచినప్పుడు కూడా రుమాలు పసుపెక్కడం ఎక్కువసార్లు చూస్తాం. 1978లో బ్రిటన్‌లో టేలర్ అనే పరిశోధకురాలు నర్సుల చేతులకే రంగు పూయించి కడిగించి చూస్తే, ఎక్కువగా వదిలేసినవి బొటనవేళ్లు, వేలికొసలే. మనం అన్నం కలిపేదీ, ముద్ద నోట్లో పెట్టేదీ వాటితోనే.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి: "ఇది క్రిమి కాదు బిడ్డా, పసుపు. క్రిమి గిట్లనే మిగులుతది, కని కనబడదు." ఈ వాక్యం లేకపోతే ప్రయోగం గారడీగా మిగిలిపోతుంది.

ఆ తర్వాత అందరూ నిలబడి గాలిలో రుద్దాలి. అరచేతులు, చేతి వెనక, వేళ్ల సందులు, పిడికిలి, బొటనవేలు తిప్పి తిప్పి, గోళ్లు అరచేతిలో గీకి, చివరికి మణికట్టు. కనీసం ఇరవై సెకన్లు రుద్దాలి. బడిలో గడియారం చూసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి రెండో ఎక్కం నెమ్మదిగా మొదలుపెట్టి పది దాకా చదివితే దాదాపు అంత సమయం అవుతుంది. ఖరీదైన సబ్బు అక్కర్లేదు. 2005లో లాన్సెట్‌లో వచ్చిన కరాచీ మురికివాడల అధ్యయనంలో సబ్బు ఇచ్చి, కడగడం నేర్పిన ఇళ్లలో పిల్లల విరేచనాలూ, ఐదేళ్లలోపు వాళ్ల న్యుమోనియా సుమారు సగానికి తగ్గాయి. క్రిమిసంహారక సబ్బు మామూలు సబ్బు కన్నా ఎక్కువ మేలేమీ చేయలేదు. బూడిద గురించి ఎవరో ఒక పిల్ల తప్పక అడుగుతుంది. మన నాయనమ్మలు వాడింది కట్టెల బూడిద. బొగ్గు పొయ్యి బూడిదలో సీసం, ఆర్సెనిక్ వంటివి ఉంటాయి, దానితో చేతులు కడగొద్దని గట్టిగానే చెప్పండి.

ఇంత నేర్పినా పాఠం ఓడిపోయేది నల్లా దగ్గర. లెక్క వేద్దాం. ముప్ఫై మంది పిల్లలు, ఒక్క నల్లా. ఒక్కొక్కరు నల్లా కిందే నిలబడి నలభై సెకన్లు తీసుకుంటే ఇరవై నిమిషాలు పడుతుంది. చివరి పిల్లవాడి వంతు వచ్చేసరికి అన్నం చల్లారుతుంది. ఆకలి మీదున్న పిల్లలు మూడో రోజుకే వట్టి నీళ్లు తగిలించుకుని పరుగెత్తుతారు. వాళ్లను తిట్టి లాభం లేదు, వరుసను మార్చాలి. మూడు సెకన్లు తడుపుకొని, సబ్బు తీసుకొని పక్కకు జరగాలి. పక్కన నిలబడి ఎక్కం చదువుతూ రుద్దాలి. మళ్లీ వచ్చి ఎనిమిది సెకన్లు కడుక్కోవాలి. అప్పుడు నల్లా ఒక్కొక్కరికి పదకొండు సెకన్లే కావాలి. తరగతంతా ఐదున్నర నిమిషాల్లో అయిపోతుంది, నీళ్లూ మిగులుతాయి. సబ్బును పాత ఉల్లిగడ్డల వల సంచిలో వేసి నల్లాకు కట్టేస్తే బురదలో పడదు, కరిగి ముద్ద కాదు, ఎవరి జేబులోకీ పోదు.

ఇప్పుడు కంచం. ఇక్కడా అదే దారం: కళ్లకు నిండుగా కనిపించేది వేరు, ఒంటికి అందేది వేరు. పిల్లవాడు కడుపునిండా అన్నం తింటాడు, అయినా రెండో పీరియడ్‌కే తల వాలుస్తాడు, ఆటల్లో ఆయాసపడతాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత కనిపించింది. ఆ పిల్లలే కొన్నాళ్లకు ఒకటో తరగతిలో కూర్చుంటారు. కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతే అనుమానించాలి. కానీ అది అనుమానమే. రెప్ప ఎర్రగా ఉన్నా రక్తం తక్కువ ఉండొచ్చు. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గిందో లేదో రక్తపరీక్షే తేల్చాలి.

సమతుల ఆహారం అనే మాట పలక్కుండానే దాన్ని నేర్పొచ్చు. ఎదురుగా మధ్యాహ్న భోజనం ఉంది కదా. ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి లెక్క ప్రకారం 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు రావాలి. ఒక కంచంలో అన్నం గుట్టగా పోసి, నీళ్ల చారు పోయండి. ఇంకో కంచంలో అన్నం కాస్త తగ్గించి, చిక్కటి పప్పు, తోటకూర, ఉడికిన గుడ్డు పెట్టండి. "ఏ కంచం తింటె కాళ్లకు బలమొస్తది?" అని అడగండి. అన్నం నడిపిస్తుంది, పప్పూ గుడ్డూ ఒళ్లు కడతాయి, ఆకుకూరలూ పండ్లూ రక్తానికి. అంతవరకు చాలు, విటమిన్ల పేర్లు అక్షరాల వరుసలో అప్పగించనక్కర్లేదు.

ఒక విషయం దగ్గర మాత్రం నిలబడండి, అది ఛాయ్. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో బడికి ముందు పిల్లవాడి కడుపులో పడేది ఛాయ్, బిస్కెట్. అన్నంతో పాటు, అన్నం తిన్న వెంటనే ఛాయ్ తాగితే అందులోని టానిన్లు పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. భోజనానికి ముందూ తర్వాతా కనీసం గంట సేపు ఛాయ్, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. పిల్లలకైతే అసలే మానిపించడం మేలు. దీనికి ఎదురుగా నిమ్మకాయ నిలబడుతుంది. పప్పులో, కూరలో వడ్డించే ముందు పిండిన నిమ్మరసం, తిన్నాక ఒక జామకాయ ఆ ఇనుమును ఒంటికి బాగా పట్టిస్తాయి. నిమ్మరసం పొయ్యి మీద మరిగిస్తే ఆ గుణం చాలావరకు పోతుంది కాబట్టి దించాకే పిండాలి.

చేతికీ రక్తానికీ మధ్య పురుగులున్నాయి. నులిపురుగు గుడ్డు కడగని వేళ్లతో నోట్లోకి చేరుతుంది. రక్తం తాగే కొంకి పురుగు మాత్రం ఎక్కువగా చేతితో కాదు, చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరుతుంది. గనులకు దీనితో పాత పగ ఉంది. 1880లో ఆల్ప్స్ కొండల్లో సెయింట్ గొథార్డ్ సొరంగం తవ్విన కూలీలు పాలిపోయి కూలిపోతుంటే, కారణం ఈ పురుగేనని తేలింది. సబ్బు దీన్ని ఆపదు. చెప్పులు, మరుగుదొడ్డి ఆపుతాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో నమిలించే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర లోపలున్న వాటిని చంపుతుంది. కొంకి పురుగు మళ్లీ ఎక్కకుండా ఆపేవి చెప్పులూ, మరుగుదొడ్డే.

పక్కపక్కన కూర్చున్న పిల్లల్లో ఒకరి తండ్రి కంపెనీలో పర్మినెంటు కార్మికుడు, ఇంకొకరి తండ్రి కాంట్రాక్టు మనిషి, మూడో పిల్ల తల్లి ఇళ్లలో పని చేస్తుంది. "రాత్రి ఏం తిన్నవ్ రా?" అని తరగతిలో అందరి ముందూ అడగొద్దు. గుడ్డు తిననివాడు చేయెత్తలేక తల దించుకుంటాడు, ఆ రోజు మనం చెప్పిందంతా వాడికి అవమానంగానే గుర్తుంటుంది. కాగితం ఇచ్చి నచ్చిన కంచం బొమ్మ వేయమంటే చాలు.

వారం తర్వాత చెప్పకుండా వెళ్లండి. ఎవరినీ ఏమీ అడగొద్దు. కొత్త సబ్బు కట్టేటప్పుడే దాని బరువు రాసుకుని ఉంటే, నీళ్లు ఆరాక మళ్లీ తూచి చూడండి. సబ్బు అరగలేదంటే పాఠం నడవలేదు. ఎక్కువసార్లు కారణం పిల్లలు కాదు, సమయం చాలకపోవడం. కాబట్టి ఈ ప్రాంతపు ప్రధానోపాధ్యాయులకు ఒక్క విన్నపం: మధ్యాహ్నం గంట ఆరు నిమిషాలు ముందు కొట్టండి.