దైనందిన పోషక గణన : వండిన తూకం, పచ్చి పట్టిక

ఒక వ్యక్తి రోజులో తిన్న పదార్థాల తూకాన్ని ఆహార పట్టికలోని విలువలతో గుణించి, శక్తి, మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వుల మొత్తాలను ఆ వ్యక్తి లక్ష్యాలతో పోల్చడమే పోషక గణన. ఇందుకు మనకున్న ప్రధాన ఆధారం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు. వాటిలో 528 ఆహారాల విశ్లేషణ ఉంది. అందులోని బియ్యం, పప్పుల విలువలు వండని 100 గ్రాములకు చెందినవి. కంచంలో తూచేది మాత్రం వండినది. గణన దారి తప్పేది ఇక్కడే.

విశాఖ సమీపంలోని పద్మనాభంలో 55 కిలోల బరువున్న ఒక గృహిణి మధ్యాహ్న భోజనాన్ని ఊహించుకుందాం. 2020 నాటి సిఫారసు ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున ఆమెకు రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆమె 275 గ్రాముల అన్నం, 150 గ్రాముల ముద్దపప్పు తిన్నది. పట్టికలో 100 గ్రాముల బియ్యానికి 356 కిలోకేలరీలు, 7.9 గ్రాముల మాంసకృత్తులు. కందిపప్పుకు 331 కిలోకేలరీలు, 21.7 గ్రాములు. కంచంలోని తూకాన్ని నేరుగా గుణిస్తే ఒక్క పూటకే 1,476 కిలోకేలరీలు, 54 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. అంటే రోజంతటి లక్ష్యం దాటిపోయినట్లే కనిపిస్తుంది!

సరైన మార్గం గిన్నె నుండి మొదలవుతుంది. ఆ ఇంట 400 గ్రాముల బియ్యం వండితే 1,100 గ్రాముల అన్నమైంది. 120 గ్రాముల కందిపప్పు 600 గ్రాముల ముద్దపప్పైంది. పచ్చి తూకాన్ని రాబట్టే సూత్రం ఇది:

```
పచ్చి తూకం = తిన్న తూకం × (వండకముందు / వండిన తరువాత)
```

దీని ప్రకారం ఆమె తిన్నది 100 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. శక్తి 455 కిలోకేలరీలు, మాంసకృత్తులు 14.4 గ్రాములు మాత్రమే. పిండిపదార్థాలు, కొవ్వులకూ ఇదే లెక్క. పోపు నూనెను మాత్రం విడిగా, గ్రాముకు 9 కిలోకేలరీల చొప్పున కలపాలి. తొలి లెక్కను నమ్మినవారు లక్ష్యంలో మూడో వంతైనా అందని భోజనాన్ని చాలినదిగా భావిస్తారు. శక్తి విషయంలో అతిగా చూపే తప్పు మాంసకృత్తుల విషయంలో లోటును దాచివేస్తుంది. నా దృష్టిలో ఈ రెండవదే ప్రమాదకరం.

నీటి పాలు ఇంటింటికీ మారుతుంది కనుక ఒకే గుణకం అందరికీ చెల్లదు. ఉత్తరాంధ్ర చోడి అంబలిలో నీరే అధికం కాబట్టి, గ్లాసు తూకాన్ని చోడి పిండి విలువతో గుణిస్తే తప్పు ఇంకా పెరుగుతుంది. గంజి వార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం గంజితో పోతుంది. దానిని ఈ సూత్రం పట్టుకోలేదు.

మరొక చిక్కు ప్రమాణానిది. 2017 పట్టికలు శక్తిని కిలోజౌళ్ళలో ఇస్తాయి, బియ్యానికి 1,491. దానిని 4.184తో భాగిస్తేనే 356 వస్తుంది. మాంసకృత్తులు, పిండిపదార్థాల గ్రాములను 4తో, కొవ్వును 9తో గుణించి కూడితే బియ్యానికి సుమారు 349 వస్తుంది. ఈ కొద్ది తేడా సహజమే. నాలుగు రెట్ల తేడా కనిపిస్తే మాత్రం ప్రమాణం మారలేదని గుర్తించాలి.