మీటరుకు చిక్కని 0.7 వోల్టులు

సిలికాన్ డయోడ్‌ను చీకట్లో ఉంచి, దాని రెండు కాళ్లకూ మల్టీమీటరు తీగలు ఆనిస్తే సున్నా కనిపిస్తుంది. ఎంత ఖరీదైన మీటరైనా అంతే. అయినా ఆ డయోడ్ లోపల, తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా లేని ఒక పొరకు అటూ ఇటూ దాదాపు 0.7 వోల్టుల తేడా ఎప్పుడూ ఉంటుంది. బ్యాటరీ లేకుండా ఆ వోల్టేజీ ఎలా పుట్టింది? పుట్టిందే అనుకుంటే, మీటరు దాన్ని ఎందుకు చూపదు?

ఈ పొర ఉన్నట్టు మొదట ఒక సిలికాన్ ముక్క బయటపెట్టింది. 1940లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రసెల్ ఓల్ రేడియో సంకేతాలను పట్టడానికి పనికొచ్చే సిలికాన్‌ను పరీక్షిస్తున్నాడు. వాటిలో ఒక ముక్క మీద వెలుతురు పడినప్పుడల్లా సుమారు అర వోల్టు వస్తోంది. కరిగిన సిలికాన్ గడ్డకట్టేటప్పుడు అందులోని మలినాలు వేరుపడి, ముక్కలో ఒక భాగం ఒక రకంగా, మిగతా భాగం మరో రకంగా తయారయ్యాయి. ఆ రెండు రకాలకే పి, ఎన్ అని పేర్లు వచ్చాయి. రెండూ కలిసే హద్దే పి-ఎన్ సంధి.

ఎన్ రకం సిలికాన్‌లో ఫాస్ఫరస్ లాంటి మలినం ఉంటుంది. మన లెక్క కోసం ఘన సెంటీమీటరుకు 10¹⁶ ఫాస్ఫరస్ అణువులు ఉన్నాయనుకుందాం. పెద్ద సంఖ్యలాగే ఉంది గానీ, ఇది 50 లక్షల సిలికాన్ అణువులకు ఒక్క ఫాస్ఫరస్ అణువు మాత్రమే. ఆ ఒక్కటీ ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది, ఆ ఎలక్ట్రాన్ స్ఫటికమంతా తిరుగుతుంది. పి రకంలో బోరాన్ ఉంటుంది. అది ఒక ఎలక్ట్రాన్‌ను పట్టేసుకుని, దాని చోట రంధ్రాన్ని మిగులుస్తుంది. ధనావేశంలా కదిలే ఖాళీ ఇది. అటు కూడా అదే మోతాదు అనుకుందాం. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎన్ ముక్కకు రుణావేశం, పి ముక్కకు ధనావేశం ఉండవు. తిరిగే ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఎదురుగా, కదలలేని ఒక ఫాస్ఫరస్ ధన అయాన్ అక్కడే ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండూ తటస్థమే.

సంధి ఏర్పడాలంటే రెండు ముక్కలను ఒకదానికొకటి నొక్కితే చాలదు. సిలికాన్ పైన ఎప్పుడూ పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది, పైగా ఉపరితలాలు అణువుల స్థాయిలో ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందుకే ఎన్ రకం స్ఫటికం లోపలికే, ఒక పక్క నుంచి, బోరాన్‌ను అవసరమైనంత చొప్పిస్తారు. స్ఫటికం ఒక్కటే, మలినం మాత్రం మధ్యలో మారుతుంది.

అలా మారిన చోట ఏం జరుగుతుందో చూద్దాం. గది మూలలో వెలిగించిన అగరుబత్తి పొగ అంతటా పరుచుకున్నట్టే, ఎన్ వైపు కిక్కిరిసిన ఎలక్ట్రాన్లు పి వైపు వ్యాపిస్తాయి, పి వైపు రంధ్రాలు ఎన్ వైపు వ్యాపిస్తాయి. ఎదురుపడినవి కలిసి మాయమవుతాయి. పొగతో పోలిక ఇంతవరకే. పొగ వెనక ఏమీ మిగలదు గానీ, వెళ్లిపోయిన ప్రతి ఎలక్ట్రాన్ వెనకా ఒక ఫాస్ఫరస్ ధన అయాన్ జంట లేకుండా మిగిలిపోతుంది. అవతల పక్క అలాగే బోరాన్ రుణ అయాన్లు మిగులుతాయి. తిరిగే ఆవేశాలు దాదాపు ఖాళీ అయి, పాతుకుపోయిన అయాన్లు మాత్రమే ఉన్న ఈ ప్రాంతాన్ని లేమి పొర అంటారు. డిప్లీషన్ పొర అన్నా ఇదే.

ఒక పక్క ధనావేశం, మరో పక్క రుణావేశం నిలవడంతో మధ్యలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అది ఎలక్ట్రాన్లను మళ్లీ ఎన్ వైపే తోస్తుంది. దాటినవి పెరిగేకొద్దీ తోపుడూ పెరుగుతుంది. చివరికి వ్యాపనం ఎంత ముందుకు తోస్తే క్షేత్రం అంతే వెనక్కి తోస్తుంది. అదే సమతాస్థితి. దీన్ని తరచూ ‘ప్రవాహం ఆగిపోతుంది’ అని చెప్పేస్తారు. నాకు ఆ మాట నచ్చదు, అసలు విషయం అందులో కనబడకుండా పోతుంది. మన ఉదాహరణలో పొరకు ఎన్ వైపు సగంలో వ్యాపనం ఒక్కటే పనిచేస్తే చదరపు మిల్లీమీటరుకు సగటున 20 ఆంపియర్లకు పైగా ప్రవహించాలి. క్షేత్రం అంతే ప్రవాహాన్ని వెనక్కి నడుపుతోంది గనకే నికర ప్రవాహం సున్నా. రంధ్రాలకూ విడిగా ఇదే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు వోల్టేజీ ఎంతో చూద్దాం. గది ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్ల సాంద్రతలో ప్రతి పది రెట్ల తేడాను నిలబెట్టడానికి సుమారు 60 మిల్లీవోల్టులు కావాలి. ఎన్ వైపు ఎలక్ట్రాన్లు ఘన సెంటీమీటరుకు 10¹⁶. పి వైపు కూడా కొన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లను, రంధ్రాలను గుణిస్తే ఈ ఉష్ణోగ్రతలో సుమారు 10²⁰ రావాలి. కాబట్టి రంధ్రాలు 10¹⁶ ఉన్న పి వైపు ఎలక్ట్రాన్లు 10⁴ మాత్రమే. అంటే రెండు వైపుల మధ్య తేడా 10¹² రెట్లు. పన్నెండు సున్నాలు, ఒక్కోదానికి 60 మిల్లీవోల్టులు, మొత్తం 0.72 వోల్టులు. సంధిలో అంతర్గతంగా నిలిచే పొటెన్షియల్ ఇదే. ఎన్ వైపు ఎక్కువ, పి వైపు తక్కువ.

ఇంత వోల్టేజీ నిలవడానికి పొర ఎంత వెడల్పు కావాలో లెక్క కడితే సుమారు 0.43 మైక్రాన్లు వస్తుంది. రెండు వైపులా మలినం సమానం కాబట్టి చెరి సగం. పి వైపు మలినాన్ని పది రెట్లు పెంచి, ఎన్ వైపు పది రెట్లు తగ్గిస్తే వోల్టేజీ మారదు గానీ, పొర దాదాపు ఒక మైక్రాన్‌కు పెరిగి, అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఎన్ వైపుకే జరుగుతుంది. రెండు పక్కలా బయటపడిన ఆవేశం సమానంగా ఉండాలి. అయాన్లు పలచగా ఉన్న వైపు పొర లోతుగా చొచ్చుకుపోతేనే ఆ లెక్క సరిపోతుంది.

మరి మీటరు? అది కొలిచేది విద్యుత్ పొటెన్షియల్‌ను ఒక్కదాన్నే కాదు, ఎలక్ట్రాన్లను నడిపే మొత్తం ప్రేరణలో తేడాను. వ్యాపన ప్రేరణ, విద్యుత్ ప్రేరణ సమతాస్థితిలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి మొత్తం తేడా సున్నా. డయోడ్ కాళ్ల లోహం సిలికాన్‌ను తాకే చోట్ల కూడా ఇలాంటి అంతర్గత మెట్లు ఏర్పడి, వలయం చుట్టూ కూడితే అన్నీ రద్దవుతాయి. అలా కాకపోయి ఉంటే చీకట్లో పడున్న డయోడ్ ఒక చిన్న దీపాన్ని ఎప్పటికీ వెలిగించాలి, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువు నుంచి వేడిని లాగి పనిగా మార్చాలి. ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం దాన్ని ఒప్పుకోదు. ఓల్ చూసిన అర వోల్టు వెలుతురు వల్ల వచ్చింది. కాంతి కొత్త ఎలక్ట్రాన్-రంధ్రాల జంటలను పుట్టిస్తే క్షేత్రం వాటిని విడదీసింది. సమతాస్థితి చెదిరింది కనకే మీటరు ముల్లు కదిలింది.

డయోడ్ గుండా కరెంటు పంపినప్పుడు కనబడే 0.7 వోల్టులే ఈ అంతర్గత పొటెన్షియల్ అనుకోవడం కూడా తప్పే. కరెంటు పెంచితే ఆ అంకె పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

అసలుదాన్ని పట్టుకునే దారి కెపాసిటెన్స్. లేమి పొర రెండు పలకల మధ్య ఉన్న బంధకంలా ప్రవర్తిస్తుంది. మన సంధి విస్తీర్ణం ఒక చదరపు మిల్లీమీటరు అయితే కెపాసిటెన్స్ సుమారు 240 పికోఫారడ్లు. ఎదురు దిశలో 2.15 వోల్టులు పెడితే పొర మీది మొత్తం పొటెన్షియల్ నాలుగింతలై, వెడల్పు రెండింతలై, కెపాసిటెన్స్ 120కి పడిపోతుంది. వేర్వేరు వోల్టేజీల దగ్గర కెపాసిటెన్స్ కొలిచి, 1/C² విలువలతో గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని వెనక్కి పొడిగించి, అది సున్నాను తాకే చోటు చదివితే 0.67 వోల్టుల దగ్గర ఉంటుంది. పొర అంచులు కత్తితో కోసినట్టు ఉండవు కాబట్టి దానికి ఇంకో 0.05 కలపాలి. గ్రాఫ్ వంకరగా వస్తే మాత్రం ఆ అంకెను నమ్మకూడదు. మలినం హద్దు దగ్గర ఒక్కసారిగా కాక, మెల్లగా మారిందని దాని అర్థం.